ఆ గొంతులు ఏమంటున్నాయి?

మానసిక ఆరోగ్య నర్సింగ్ పరీక్షల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. ఇరవై నాలుగేళ్ల యువకుడు, స్కిజోఫ్రీనియాతో వార్డులో చేరి రెండు రోజులైంది. రాత్రి రెండు గంటలప్పుడు మంచం మీద కూర్చుని, తల ఒక పక్కకు వాల్చి, ఎవరి మాటో వింటున్నట్టు ఖాళీ మూలవైపు చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నర్సు దగ్గరికి రాగానే, "సిస్టర్, వాళ్లు మళ్లీ మాట్లాడుతున్నారు. మీకు వినిపించడం లేదా?" అన్నాడు. నర్సు ఇవ్వదగిన అత్యుత్తమ జవాబు ఏది?

మొదటి ఆప్షన్: "ఇక్కడ మనిద్దరం తప్ప ఎవరూ లేరు. అదంతా మీ ఊహ." రెండోది: "భయపడకండి, మేమంతా ఉన్నాం కదా. తెల్లారేసరికి అన్నీ సర్దుకుంటాయి." మూడోది: "వాళ్లు మీ వెంటే ఎందుకు పడుతున్నారంటారు?" నాలుగోది: "నాకు ఏ గొంతూ వినిపించడం లేదు. కానీ మీకు వినిపిస్తోందని, దాంతో భయంగా ఉందని తెలుస్తోంది. ఆ గొంతులు ఏమంటున్నాయో చెప్తారా?"

సరైనది నాలుగోదని చాలామంది చెప్పేస్తారు. ఎందుకని అడిగితే మాత్రం, "అందులో సానుభూతి ఉంది కాబట్టి" అంటారు. సానుభూతి ఉంది, నిజమే. కానీ ఆ జవాబులో ప్రాణం కాపాడే భాగం వేరే ఉంది. దాన్ని చూడాలంటే ముందు మొదటి ఆప్షన్ ఎందుకు తప్పో తేల్చుకోవాలి.

మొదటి ఆప్షన్‌లో అబద్ధం లేదు. గదిలో నిజంగానే ఎవరూ లేరు. అయినా అది పనికిరాదు, ఎందుకంటే ఆ యువకుడు ఊహించుకోవడం లేదు, వింటున్నాడు. మనమందరం రోజంతా మనసులో ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాం. "తలుపు వేశానా?" అని లోపల అనుకున్నప్పుడు అది పక్కవాడి మాటలా తోచదు. మాటను తయారుచేసే మెదడు భాగం, "ఇది మన మాటే" అని వినికిడి భాగానికి ముందే కబురు పంపుతుందని శాస్త్రవేత్తలు భావిస్తారు. మనల్ని మనం చక్కిలిగింత పెట్టుకుంటే నవ్వు రాకపోవడానికీ ఇలాంటి కబురే కారణం. ఆ కబురు సరిగా అందకపోతే సొంత మాటే బయటి గొంతులా వినిపిస్తుంది. 1993లో లండన్ పరిశోధకులు స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లను, గొంతులు వినిపిస్తున్న సమయంలో ఒకసారి, అవి ఆగాక మరోసారి స్కాన్ చేశారు. గొంతులు వినిపిస్తున్నప్పుడు బ్రోకా ప్రాంతంలో రక్త ప్రవాహం ఎక్కువగా కనిపించింది. అది మాట వినడానికి కాదు, మాటను తయారుచేయడానికి తోడ్పడే ప్రాంతం. గొంతుల రహస్యమంతా ఈ ఒక్క వివరణతో తేలిపోదు. అయినా ఆ యువకుడి పరిస్థితిని అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

కాబట్టి "అదంతా మీ ఊహ" అనడమంటే, నీ చెవులను నువ్వే నమ్మొద్దని చెప్పడం. దాంతో గొంతు ఆగదు. నర్సుతో ఆ సంగతి చెప్పడం మాత్రం ఆగిపోతుంది. మళ్లీ ఎవరైనా అడిగితే "ఏమీ వినిపించడం లేదు" అంటాడు. నయమైందనుకుని మనం ఊరుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

రెండో ఆప్షన్ ఇవ్వలేని హామీ ఇస్తోంది. తెల్లారేసరికి సర్దుకుంటుందని నర్సుకు తెలియదు. సర్దుకోకపోతే ఆమె మాట మీద అతనికున్న కాస్త నమ్మకమూ పోతుంది. ఇక మూడో దాంట్లో "ఎందుకు" ఒక్కటే తప్పని చాలామంది అనుకుంటారు. కారణం అడిగితే సంజాయిషీ అడిగినట్టుంటుంది, నిజమే. నాకు అంతకన్నా పెద్ద తప్పుగా కనిపించేది "వాళ్లు" అనే మాట. ఇక్కడ తెలుగు మనకు ఒక మేలు చేసింది. "వాళ్లు ఏమంటున్నారు?" అంటే గదిలో మనుషులున్నారని మనమూ ఒప్పుకున్నట్టే. "ఆ గొంతులు ఏమంటున్నాయి?" అంటే అతనికి వినిపిస్తున్నదాన్ని కాదనలేదు, మనుషులున్నారని అవుననలేదు. క్రియ చివర ఉన్న చిన్న తేడా ఆ పని చేసేస్తుంది. అతను "వాళ్లు" అంటూనే ఉంటాడు, దాన్ని దిద్దక్కర్లేదు. మనం "గొంతులు" అంటే చాలు.

ఇప్పుడు నాలుగో జవాబులోని ఆఖరి వాక్యం. గొంతులన్నీ ఒకేలా ఉండవు. కొన్ని అతను చేసే ప్రతి పనినీ వర్ణిస్తుంటాయి, కొన్ని తిడతాయి, కొన్ని ఆజ్ఞాపిస్తాయి. ఆజ్ఞాపించే గొంతులు, అంటే కమాండ్ హాలూసినేషన్లు, నర్సు ఎదుర్కొనే అత్యవసర పరిస్థితుల్లో ఒకటి. అవి ఉన్నాయో లేవో మొహం చూసి చెప్పలేం, అడిగి తెలుసుకోవాల్సిందే. అందుకే పరీక్షలో "నాకు వినిపించడం లేదు, మీకు భయంగా ఉందని అర్థమైంది" అని ఆగిపోయే ఆప్షన్ ఒకటి, గొంతులు ఏమంటున్నాయో అడిగే ఆప్షన్ ఒకటి పక్కపక్కన ఉండి, ప్రశ్నలో "మొదట" అనే మాట ఉంటే, రెండోదే రాయాలి. మొదటిది తప్పు కాదు, సగంలో ఆగిపోయింది.

మన యువకుడి దగ్గరికి తిరిగి వద్దాం. నర్సు అడిగింది. అతను కాసేపు నేలవైపు చూసి, "చచ్చిపొమ్మంటున్నారు" అన్నాడు. ఇక్కడ కొత్త నర్సులు తడబడి మాట మార్చేస్తారు. మార్చకూడదు. చావు గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం ఉంటుంది కానీ, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. "ఆ మాట వినాలని మీకు అనిపిస్తోందా?" అని అడగాలి. ఇంతకుముందు ఎప్పుడైనా ఆ గొంతు చెప్పినట్టు చేశాడా, అది తనకు తెలిసినవాళ్ల గొంతేనా, వినకపోతే ఏమవుతుందని భయపడుతున్నాడు, ఇన్నాళ్లూ దాన్ని ఎలా ఎదిరించాడు అన్నవి తర్వాత రావాలి. తెలిసినవాళ్ల గొంతైతే, దానికి తనకన్నా శక్తి ఎక్కువని నమ్మితే, ఇంతకుముందే ఒకసారి విని ఉంటే, ఈసారీ వినే అవకాశం పెరుగుతుంది. ఇన్నీ ఒక్క ఊపిరిలో అడగకూడదు. ఒక్కోటి అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. గొంతు మధ్యలో అడ్డొస్తుంటుంది కాబట్టి అతని జవాబు ఆలస్యంగా వస్తుంది.

"వినాలనిపిస్తోంది" అన్నాడనుకోండి. ఇక ఏ మంచి వాక్యమూ చాలదు. అతన్ని ఒంటరిగా వదలకూడదు, హాని చేసుకోగల వస్తువులు దగ్గర లేకుండా చూడాలి, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండేలా ఏర్పాటు చేయాలి. భద్రత కుదిరాక గొంతుల గురించే పదే పదే అడగడం మానేయాలి. దాని చుట్టూ తిరిగేకొద్దీ దానికే బలం. మెల్లగా ఎదురుగా ఉన్న ప్రపంచంలోకి తీసుకురావాలి: "నాతో కాసేపు వరండాలో నడుస్తారా?" కొందరికి ఏదైనా పైకి చదివితే, కూనిరాగం తీస్తే, ఇంకొకరితో మాట్లాడితే గొంతులు తగ్గుతాయి. సొంత మాటే గొంతైన చోట, అదే మాట యంత్రాంగానికి వేరే పని పెట్టడం వల్ల ఇలా జరుగుతుందని ఒక వివరణ ఉంది. అందరికీ పనిచేయదు, పనిచేసినవాళ్లకు మాత్రం పెద్ద ఊరట.

ఇంతవరకు చదివినవాళ్లు, అడగడమే ఎప్పుడూ మంచిదనుకునే ప్రమాదముంది. నిజానికి పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఈ నమ్మకం వల్లేనని నా అభిప్రాయం. పక్క గదిలో ఒకామె హఠాత్తుగా లేచి, ఎగశ్వాసతో అటూ ఇటూ తిరుగుతోంది. చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. "సిస్టర్, నేను చచ్చిపోతున్నాను" అంటోంది. ఆప్షన్లలో ఒకటి: "మీకు ఎందుకింత టెన్షన్‌గా ఉందో, అసలు ఏం జరిగిందో వివరంగా చెప్పండి." ఇంకొకటి: "నేను మీ దగ్గరే ఉంటాను. నా వైపు చూడండి. నాతో పాటు మెల్లగా ఊపిరి వదలండి." పేషెంట్ మనసు విప్పేలా ప్రశ్న వేయాలని పాఠాల్లో చదివాం కదా అని విద్యార్థి మొదటిది ఎంచుకుంటాడు.

అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లో ఆందోళనను నాలుగు స్థాయిలుగా విడదీసి చూపించారు: తక్కువ, మధ్యస్థం, తీవ్రం, పానిక్. స్థాయి పెరిగేకొద్దీ మనిషి గమనించగలిగేది కుంచించుకుపోతుంది. మధ్యస్థంగా ఉన్నప్పుడు, కాస్త సాయం చేస్తే, ఏం జరిగిందో చెప్పగలరు. అప్పుడు ఆ మొదటి ప్రశ్నే సరైనది. పానిక్‌లో ఉన్నవాళ్లు వివరంగా ఆలోచించలేరు, పొడుగు వాక్యం చెవిన పడ్డా మనసుకు ఎక్కదు. అందుకే నాలుగైదు మాటల వాక్యాలు, అవే మళ్లీ మళ్లీ, తొందర లేని గొంతుతో. "కూర్చుంటారా, పడుకుంటారా, నీళ్లు తాగుతారా?" అని ఎంచుకోమనడం కూడా అప్పుడు భారమే. చేతుల తిమ్మిరికి కారణం, వేగంగా ఊపిరి వదలడం వల్ల రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గడం. అందుకే మెల్లగా వదలమనడం ఉత్త ఓదార్పు కాదు. అలాగని ప్రతి గుండె దడా పానిక్ కాదు. ఛాతీ నొప్పి ఉంటే, మొదటిసారి వచ్చినదైతే, నాడి, బీపీ, ఈసీజీ చూడకుండా ఆ పేరు పెట్టకూడదు.

శరీరాన్ని మరిచిపోతే గొంతుల ప్రశ్నలోనూ ఇలాగే దెబ్బతింటాం. ఇంతకుముందు ఏ మానసిక సమస్యా లేని పెద్దవయసు మనిషి, రాత్రికి రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటే, ఊరు, తేదీ తెలియక తికమక పడుతుంటే, అది చాలా వరకు డెలీరియం అయి ఉంటుంది. ఇన్ఫెక్షనో, మందుల ప్రభావమో, మద్యం హఠాత్తుగా మానడమో వెనక ఉండొచ్చు. అక్కడ మాటల ఆప్షన్ల మధ్య జ్వరం, ఆక్సిజన్, చక్కెర చూడమనే ఆప్షన్ కనిపిస్తే దాన్నే ఎంచుకోవాలి.

ఇక పరీక్ష కాగితం ఎప్పుడూ అడగని సంగతి ఒకటి. ఆ యువకుడి రికార్డులో నర్సు ఏం రాస్తుంది? "పేషెంట్‌కు గొంతులు వినిపిస్తున్నాయి" అని రాస్తే పొద్దున డ్యూటీకి వచ్చే నర్సుకు దాదాపు ఏమీ తెలియదు. "రాత్రి 2:10. ఖాళీ మూలవైపు చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. 'చచ్చిపొమ్మంటున్నారు' అన్నాడు. వినాలనిపిస్తోందా అని అడిగితే 'ఇప్పుడు కొంచెం' అన్నాడు. ఇంతకుముందు ఎప్పుడూ ఆ గొంతు చెప్పినట్టు చేయలేదని చెప్పాడు. 2:15కి డాక్టర్‌కు తెలిపాను. ఒకరు పక్కనే ఉన్నారు" అని అతని మాటలను అతని మాటల్లోనే రాస్తే, పొద్దున వచ్చినామె ఆ "ఇప్పుడు కొంచెం" దగ్గర్నుంచి మొదలుపెట్టగలదు.