పాశ్చరైజర్ రికార్డు సరిగానే ఉంది, పాలు విరిగాయి: హాసప్, పీఆర్పీల వెనుక కథ

నల్లగొండ, మిర్యాలగూడ ప్రాంతాల చిన్న డెయిరీలలో పాత వివాదం మళ్లీ రాజుకుంది. ఆహార తయారీలో ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి అక్కడ కాపలా కాసే పద్ధతి హాసప్. సర్టిఫికెట్ కోసం ఆ ప్రణాళిక రాసి ఇచ్చాక, ట్యాంకుల శుభ్రత, నీటి పరీక్ష, ఎలుకల నివారణ, పనివారి ఆరోగ్యం వంటి ముందస్తు ఏర్పాట్ల కాగితాలు, అంటే పీఆర్పీలు, విడిగా ఎందుకని యజమానులు అడుగుతున్నారు. ఒకే పనిని రెండుసార్లు రాయిస్తున్నారన్నది వారి బాధ.

హాసప్ అంతరిక్ష యాత్రికుల భోజనం కోసం పుట్టిన సంగతి తెలిసిందే. ఈ వివాదానికి మూలం 1990లలో ఉంది. 1996లో అమెరికా మాంస పరిశ్రమకు హాసప్‌ను తప్పనిసరి చేస్తూ, శుభ్రత పద్ధతులను విడిగా రాసి పాటించాలని అదే నిబంధనలో చేర్చింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ తన పరిశుభ్రత సూత్రాలను సవరించినప్పుడు హాసప్‌ను వాటికి అనుబంధంగా ఉంచి, ముందు ఆ సూత్రాలు అమలులో ఉండాలని స్పష్టం చేసింది. హాసప్‌లో ఒక దశ కీలక నియంత్రణ స్థానం, అంటే సీసీపీ, అనిపించుకోవాలంటే దానికి కొలవగల హద్దు ఉండాలి, హద్దు తప్పిన క్షణమే తెలియాలి, ఆ సరుకును ఆపగలగాలి. నేల కడగడం మొదలు ప్రతి పనినీ సీసీపీ చేస్తే నిజంగా కాపలా కాయాల్సిన చోటు ఆ గుంపులో కలిసిపోతుంది.

ఈ తేడా ఒక డెయిరీలో కళ్లకు కట్టింది. ఉదయం పంపిన ప్యాకెట్లలో కొన్ని మధ్యాహ్నానికి కాచగానే విరిగాయి. పాశ్చరైజర్ చార్టులో ఉష్ణోగ్రత 72 డిగ్రీలకు తగ్గలేదు, పాలు 15 సెకన్లు ఆ వేడిలో నిలిచాయి. పచ్చి పాలలో ఉండి ఆ వేడికి నశించే ఫాస్ఫటేజ్ ఎంజైమ్ జాడ పరీక్షలో లేదు, కాబట్టి పాలు సరిగానే కాగాయి. అయితే ప్యాకెట్లలో కోలిఫాం దొరికింది. ఆ వేడికి బతకని బాక్టీరియా అది, కనుక తర్వాతే చేరి ఉండాలి. పాశ్చరైజర్ బయట, నిల్వ ట్యాంకులో, ప్యాకెట్లో వరుసగా నమూనాలు తీస్తే మొదటి రెండూ శుభ్రంగా వచ్చాయి. ప్యాకింగ్ యంత్రపు నాజిల్ విప్పి చూస్తే రబ్బరు సీలు పగులులో పాల జిగురు గట్టిపడి ఉంది. ద్రావణాన్ని పైపుల గుండా తిప్పి కడిగితే అది పోదు, చేత్తో విప్పి తోమాలి. కడిగినట్టు రిజిస్టరులో సంతకం మాత్రం రోజూ ఉంది.

ఇక్కడ హాసప్ తన పని తాను చేసింది, తప్పింది పీఆర్పీ. ఆడిటర్లు రెండింటినీ అడగడానికి కారణం ఇదే. భారత ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2011 నిబంధనల నాలుగో షెడ్యూలులో పాల కేంద్రాల పరిశుభ్రతకు ప్రత్యేక భాగమే ఉంది. 2005లో వచ్చిన అంతర్జాతీయ ఆహార భద్రతా ప్రమాణం ఐఎస్‌వో 22000 సీసీపీ, పీఆర్పీల నడుమ ఓపీఆర్పీ అనే మూడో వర్గాన్ని పెట్టింది. యజమానుల గందరగోళంలో కొంత దానివల్లే వచ్చింది. ఒకే ఉష్ణోగ్రత పట్టికను రెండు ఫైళ్లలో నింపమనే చోట వారి ఫిర్యాదు న్యాయమైనదే.

ఆ డెయిరీ కొత్త సీసీపీ ఏదీ చేర్చలేదు. శుభ్రత పట్టికలో నాజిల్ విప్పిన సమయానికి, సీలు మార్చిన తేదీకి రెండు గడులు గీసింది.