మళ్లీ లెక్కలు మొదలుపెట్టే పెద్దవారికి: అపోహలు - వాస్తవాలు

వృత్తి కోర్సు ప్రవేశ పరీక్షకు మూడు వారాల ముందు నా దగ్గరకు వచ్చే పెద్దవారిలో ఎక్కువమంది ఇబ్బంది పడేది భిన్నాల దగ్గరే. అందుకే ఈ అపోహలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: చదువు మానేసి ఏళ్లయింది కాబట్టి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి.

వాస్తవం: అలా చేస్తే తెలిసిన కూడికలతోనే వారం గడిచిపోతుంది. మొదటి రోజు కాలిక్యులేటర్ లేకుండా ఇరవై లెక్కలు చేయండి: పూర్ణసంఖ్యలు, భిన్నాలు, దశాంశాలు, శాతాలు, ఒక్కోదానిలో ఐదు. నేను వీటికి మార్కులు వేయను. ప్రతి తప్పు పక్కన కారణం రాయిస్తాను. ఎక్కం మరిచిపోయారా, దశాంశ బిందువు జరిగిందా, పద్ధతే తెలియదా? మొదటి రెండింటికి రోజూ పది నిమిషాల సాధన చాలు. మిగతా సమయమంతా మూడోదానికే ఇవ్వాలి.

ఒకాయన 2/3 + 1/4 = 3/7 అని రాశారు. నేను తప్పని చెప్పలేదు. "2/3 సగం కన్నా ఎక్కువా, తక్కువా?" అని అడిగాను. ఎక్కువేనన్నారు. 3/7 సగం కన్నా తక్కువ. కలిపితే తగ్గడమేమిటని ఆయనే ఆగిపోయారు. ఆ తర్వాత రెండింటినీ పన్నెండో వంతులుగా మార్చుకుని 8/12 + 3/12 = 11/12 అని తేల్చారు. జవాబును సగంతో, ఒకటితో పోల్చి చూసే ఈ అలవాటును నేను అన్నిటికన్నా ముందు నేర్పుతాను.

అపోహ: భిన్నాల భాగహారానికి తిరగేసి గుణించడం తెలిస్తే చాలు.

వాస్తవం: జవాబు వస్తుంది కానీ, అది దేన్ని చెబుతుందో తెలియదు. 2.5 మీటర్ల కడ్డీని 3/8 మీటరు ముక్కలుగా కోస్తే ఎన్ని పూర్తి ముక్కలు వస్తాయి, ఎంత మిగులుతుంది? 5/2 × 8/3 = 20/3, అంటే 6 2/3. ఆరు ముక్కలు. మిగిలింది 2/3 మీటరు అని చాలామంది రాస్తారు. నిజానికది ఒక ముక్కలో 2/3 వంతు, అంటే 0.25 మీటరు. సరిచూడండి: ఆరు ముక్కలకు 2.25 మీటర్లు పోతుంది, 2.5 లోంచి తీసేస్తే 0.25. పరీక్షలో తప్పుడు ఎంపికగా 2/3 కనిపిస్తే తొందరపడకండి.

అపోహ: శాతాలకు వేరే సూత్రాలు కంఠస్థం చేయాలి.

వాస్తవం: శాతమంటే హారం వంద ఉన్న భిన్నం, అంతే. అయితే దేనిలో శాతమో చూసుకోవాలి. 800ను 25 శాతం పెంచితే 1000. దాన్ని మళ్లీ 25 శాతం తగ్గిస్తే 750 వస్తుంది, 800 కాదు. రెండోసారి తగ్గించింది 1000లో 25 శాతం.

అపోహ: ఒక అధ్యాయం పూర్తయ్యాక దాన్ని వదిలి ముందుకు వెళ్లాలి.

వాస్తవం: వదిలినది వారంలో జారిపోతుంది. మొదటి వారం భిన్నాలు, రెండో వారం దశాంశాలు, శాతాలు, నిష్పత్తులు, మూడో వారం గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు. రోజుకు నలభై నిమిషాలు. రెండో వారం నుంచి ప్రతిరోజూ మొదటి ఐదు లెక్కలు పాత తప్పుల నుంచే తీసుకోండి, అంకెలు మాత్రం మార్చండి.