పైపు పగిలితే మోటార్ ఆపితే సరిపోతుందా?

అపోహ: మోటార్ ఆపేస్తే నీళ్లు ఆగిపోతాయి.

వాస్తవం: ఆగవు. బెంగళూరులో చాలా బిల్డింగుల్లో కావేరి నీళ్లయినా ట్యాంకరు నీళ్లయినా ముందు సంపులో పడతాయి. మోటార్ వాటిని మిద్దె మీది ట్యాంకులోకి ఎక్కిస్తుంది. కుళాయిలోకి వచ్చేవి ఆ ట్యాంకులోంచి దిగే నీళ్లే. కట్టాల్సింది ట్యాంకు కిందున్న వాల్వు.

మారతహళ్లిలో మనవాళ్ల కిరాణా కొట్టు ఒకటుంది. అర్ధరాత్రి కొట్టు వెనక సింకు దగ్గర పైపు పగిలింది. ఓనరు మోటార్ ఆపాడు, రోడ్డు పక్క మీటరు దగ్గర వాల్వు కూడా కట్టాడు. అయినా బియ్యం బస్తాల వైపు నీళ్లు పారుతూనే ఉన్నాయి. టెన్షన్‌తో ప్లంబరునైన నాకు ఫోన్ చేశాడు. నేలమీదున్న ఫ్రిజ్ వైరు సంగతి తెలుసు కాబట్టి, "ముందు తడి తగలని చోటునుంచి మెయిన్ స్విచ్ ఆపన్నా" అన్నాను.

ఈలోగా పైన అద్దెకుండే పెద్దావిడ టార్చితో దిగింది. "రోడ్డు మీద ఏముంది నాయనా, మిద్దె మీదికి పద" అంది. ట్యాంకు కింద మూడు వాల్వులున్నాయి. ఒకటి పై అంతస్తులకు, ఒకటి కొట్టుకు, మూడోది ట్యాంకు కడిగేటప్పుడు వదిలేది. వడియాలు పెట్టుకోవడానికి రోజూ పైకెళ్లే మనిషి, ట్యాంకు కడిగించేదీ ఆవిడే. కొట్టుది ఏదో ఆవిడకి చూడకుండానే తెలుసు.

అపోహ: బిగుసుకున్న వాల్వును పానాతో గట్టిగా తిప్పితే సరి.

వాస్తవం: కొట్టు వాల్వు బిగుసుకుపోయి ఉంది. అది చక్రం ఉన్న గేట్ వాల్వు. ఏళ్ల తరబడి కదలకపోతే లోపల ఉప్పు పేరుకుంటుంది. పానా వేసి బలం చూపిస్తే లోపలి కడ్డీ విరిగి, గేటు తెరిచినట్టే ఉండిపోతుంది. కొంచెం ఇటు, కొంచెం అటు ఆడిస్తూ చేత్తోనే కట్టాలి. వాళ్లు అలాగే కట్టారు.

కట్టాక కూడా కింద కారుతోందని ఓనరు మళ్లీ కంగారుపడ్డాడు. పైపులో నిలిచిన నీళ్లవి. అన్నిటికన్నా కిందున్న కుళాయి తిప్పి బకెట్ పెట్టమన్నాను. కాసేపటికి ధార సన్నబడి ఆగింది. ఆగకపోయుంటే వాల్వు పూర్తిగా మూసుకోలేదని అర్థం.

అపోహ: రాత్రిపూట ప్రెషర్ పెరిగి పగిలింది.

వాస్తవం: ఇది నేను రోజూ వినే మాట. ఎవరూ వాడనప్పుడు కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ అంత మాత్రానికి బాగున్న పైపు పగలదు. ఇక్కడ చీలింది పైపు కూడా కాదు, పైపు మలుపులో కుళాయి బిగించిన ప్లాస్టిక్ ఎల్బో. టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి, ఇనుప కుళాయిని లోపలికంటా బిగించారెవరో. వెంట్రుకంత పగులు మెల్లగా సాగి ఆ రాత్రికి నోరు తెరిచింది. మరలున్న చోట ఇత్తడి ఉన్న ఎల్బో వేశాను. గమ్ ఆరేందుకు తెల్లారేదాకా నీళ్లు వదలలేదు. తర్వాత గేట్ వాల్వు తీసి బాల్ వాల్వు పెట్టాను. దాని పిడి పైపుకు అడ్డంగా ఉంటే కట్టినట్టు, చీకట్లో తడిమినా తెలుస్తుంది. మిద్దె తాళానికి ఇంకో చెవి చేయించి కొట్టులో పెట్టమన్నాను.