వాయిస్ టైపింగ్: అమ్మలేదంటే అమ్మ లేదని పడింది!

కర్నూలు కలెక్టరేట్ దగ్గర అర్జీలు టైపు చేసే కొట్టు నాది. సోమవారం గ్రీవెన్స్ రోజున వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చుంటే పని తెమలదు. ఫోన్లో గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డ్‌లో మైక్ నొక్కి మాటలతోనే చాలా భాగం కానిస్తాను. దీని గురించి జనం అనుకునేవి కొన్ని, నేను చూసినవి కొన్ని.

అపోహ: "కామా" అంటే కామా పడుతుంది.

ఇంగ్లీషులో అయితే నిజమే. కామా, ఫుల్ స్టాప్, క్వశ్చన్ మార్క్, న్యూ లైన్ అంటే ఆ గుర్తులే పడతాయి. భాష తెలుగులో ఉన్నప్పుడు నా ఫోన్లో "కామా" అనే మాటే వాక్యం మధ్యలో వచ్చి కూర్చుంటుంది. అందుకని ఒక వాక్యం చెప్పి ఆగుతాను. స్పేస్ బార్ పక్కనున్న చుక్కను వేలితో నొక్కి, మైక్ ఆగిపోయి ఉంటే మళ్ళీ నొక్కి, తర్వాతి వాక్యం చెబుతాను. ప్రశ్న గుర్తు కావాలంటే ఆ చుక్కనే కాసేపు నొక్కిపట్టాలి.

అపోహ: ఒక్కో మాటా ఆపి ఆపి చెబితే తప్పులు రావు.

ఎక్కువ తప్పులు వచ్చేది అప్పుడే. ఆలూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. "మా నాయన పొలం అమ్మలేదు, కౌలుకిచ్చినాడు" అని రాయాలి. స్పష్టంగా ఉండాలని నేను "అమ్మ... లేదు" అని విడదీసి పలికినాను. "మా నాయన పొలం అమ్మ లేదు కౌలుకిచ్చినాడు" అని పడింది. చదివి వినిపిస్తే "మాయమ్మ ఊర్లోనే ఉందప్పా!" అన్నాడు. అమ్మ, లేదు రెండూ సరైన మాటలే కాబట్టి కింద ఎర్ర గీత రాదు, కంటికి ఆనదు. అటూ ఇటూ ఉన్న మాటలను బట్టి కూడా ఫోన్ మన మాటను పోల్చుకుంటుంది. మామూలుగా మాట్లాడినట్టు వాక్యం మొత్తం ఒక్క ఊపున చెప్పాలి, ఆగితే వాక్యం చివరనే ఆగాలి.

అపోహ: తప్పు పడితే అంతా చెరిపి మళ్ళీ చెప్పాలి.

అక్కర్లేదు. పై తప్పుకు "లేదు" ముందు కర్సర్ పెట్టి, బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే ఖాళీ పోయి రెండూ కలుస్తాయి. మాటే మారిపోతే దాన్ని నొక్కిపట్టి సెలెక్ట్ చేసి, మైక్ నొక్కి మళ్ళీ చెబితే పాతది పోయి కొత్తది వస్తుంది. ఒంటరి మాట చెబితే పాత తప్పే తిరిగి రావచ్చు. అందుకే పక్క మాటను కూడా కలిపి సెలెక్ట్ చేసి రెండూ చెబుతాను. మన "యాడ", "ఉండాది" లాంటి వాటితో ఇంకా తిప్పలు. రెండోసారీ తప్పే పడితే మొండిపట్టు పట్టను, చేత్తో కొట్టేస్తాను.

అపోహ: తెలుగు, ఇంగ్లీషు ఎలా కలిపి చెప్పినా సరిపోతుంది.

తెలుగులో పెట్టి "పాస్‌బుక్", "సర్వే నంబర్" అంటే తెలుగు లిపిలోనే చక్కగా వస్తాయి. ఇంగ్లీషులో పెట్టి ఊర్ల పేర్లు, ఇంటిపేర్లు చెబితేనే కంగాళీ. ఇంగ్లీషు అర్జీ అయితే స్పేస్ బార్ నొక్కిపట్టి భాష మార్చి, పేర్లు మాత్రం చేత్తో కొడతాను. ఆధార్, సర్వే నంబర్ల అంకెలైతే ఏ భాషలోనూ మైక్‌కు చెప్పను. 214/2లో గీత ఎగిరిపోతే ఆ పొలం ఇంకొకరిది అవుతుంది.