జెడ్-తలంలో రూట్ లోకస్: గెయిన్‌కు కంచె ఎక్కడుంది? అపోహలు - వాస్తవాలు

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు ఆరబెట్టే డ్రయ్యర్‌నే లెక్కకు తీసుకుందాం. పైతొక్క సులువుగా ఊడాలంటే పప్పుకు 70 డిగ్రీల దగ్గర నిలకడైన వేడిగాలి తగలాలి. వేడి మించితే పప్పు రంగు మారి గ్రేడు పడిపోతుంది. బ్లోయర్ ముందు కరెంటు హీటర్, డక్ట్‌లో ఒక సెన్సర్, మధ్యలో సెన్సర్ చూసి హీటర్‌ను నడిపే కంట్రోలర్ పీఎల్‌సీ ఉన్నాయనుకోండి. హీటర్ పవర్ 1 శాతం పెంచితే గాలి చివరికి 1 డిగ్రీ వేడెక్కుతుంది, టైమ్ కాన్‌స్టెంట్ 40 సెకన్లు. పీఎల్‌సీ 10 సెకన్లకోసారి చూసి పవర్ మారుస్తుంది. ఈ అంకెలు లెక్క కోసం ఎంచుకున్నవి. మీ డ్రయ్యర్‌కు మీరే కొలుచుకోవాలి. ఎర్రర్‌కు కంట్రోలర్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పేది గెయిన్. లూప్‌లో ఊపు చల్లారుతుందో పెరుగుతుందో చెప్పే అంకెలు పోల్స్. గెయిన్ పెంచుతుంటే ఆ పోల్స్ నడిచే దారే రూట్ లోకస్.

అపోహ: ఒక్క పోలే ఉన్న లూప్‌లో గెయిన్ ఎంత పెంచినా అదుపు తప్పదు.

శాంపిల్స్ లేకుండా నిరంతరం నడిచే లూప్‌కు వాడే ఎస్-తలంలో ఇది నిజమే. పోల్ ఎడమవైపు ఎంత దూరం జరిగితే అంత మంచిది. శాంపిల్స్‌తో నడిచే లూప్‌కు వాడే జెడ్-తలంలో కూడా రూట్ లోకస్ గీసే నియమాలు అవే, ఒక్కటీ మారదు. మారేది గీసిన బొమ్మను చదివే తీరు. ఇక్కడ మేలైన చోటు ఎడమవైపు కాదు, మూలబిందువు చుట్టూ 1 వ్యాసార్ధంతో గీసిన యూనిట్ సర్కిల్ లోపల. ఎడమకు వెళ్తూనే ఉన్న పోల్ −1 దగ్గర కంచె దాటేస్తుంది.

10 సెకన్ల శాంపిల్‌కు హీటర్ పోల్ e^(−10/40) = 0.7788 దగ్గర ఉంటుంది. పీఐ కంట్రోలర్‌లో ఇంటిగ్రల్ టైమ్ 45.2 సెకన్లు పెడితే దాని జీరో సరిగ్గా ఈ పోల్ మీద పడి రద్దు చేస్తుంది. (ఈ శాంపిల్ ఎర్రర్‌ను వచ్చే శాంపిల్ నుంచి కూడుకునే రకం ఇంటిగ్రల్‌కు ఈ లెక్క.) ఇక మిగిలేది 1 దగ్గరున్న ఇంటిగ్రేటర్ పోల్ ఒక్కటే. గెయిన్ K అయితే, c = 0.2212 K అనుకుంటే, క్లోజ్డ్ లూప్ పోల్ ఇలా కదులుతుంది:

```
z = 1 - c
```

K 4.52 అయ్యేసరికి పోల్ సున్నా దగ్గరకు చేరుతుంది. అంతకు మించితే పోల్ నెగటివ్ వైపు వస్తుంది, రీడింగ్ ఒక శాంపిల్‌లో పైన, మరో శాంపిల్‌లో కింద పడుతూ ఊగుతుంది. K 9.04 దగ్గర పోల్ −1ని తాకుతుంది. ఆ పైన ఊపు పెరుగుతూ పోతుంది. ఒకే పోల్ ఉన్నా హద్దు ఉంది.

అపోహ: ఒక్క శాంపిల్ ఆలస్యం లెక్కలోది కాదు.

చాలా ప్రోగ్రాముల్లో ఈ స్కాన్‌లో ఉష్ణోగ్రత చదివి, లెక్క కట్టి, ఫలితాన్ని వచ్చే స్కాన్‌లో హీటర్‌కు పంపుతారు. రాసేటప్పుడు చిన్న విషయంగానే కనిపిస్తుంది. రూట్ లోకస్ మీద మాత్రం అది మూలబిందువు దగ్గర మరో పోల్‌ను తెచ్చి పెడుతుంది. అప్పుడు సమీకరణం z² − z + c = 0. రెండు పోల్స్ ఒకదానికొకటి ఎదురొచ్చి, 0.5 దగ్గర కలుసుకుని (K = 1.13), అక్కడి నుంచి పైకీ కిందికీ నిలువుగా విడిపోతాయి. రెండింటి లబ్ధం c కాబట్టి, c = 1 కాగానే రెండూ ఒకేసారి యూనిట్ సర్కిల్‌ను తాకుతాయి. అంటే K హద్దు 4.52. ఒకే ఒక్క ఆలస్యానికి హద్దు సరిగ్గా సగానికి పడిపోయింది.

సర్కిల్‌ను తాకే చోట కోణం 60 డిగ్రీలు, అంటే ఊపు ఆరు శాంపిల్స్‌కు ఒక చుట్టు. సెట్‌పాయింట్‌ను 65 నుంచి 70కి మార్చి చూస్తే రీడింగులు ఇలా వస్తాయి: 65, 65, 70, 75, 75, 70, 65, 65... కాగితం మీద చేత్తోనే సరిచూసుకోవచ్చు.

లూప్ ఊగుతుంటే మొదట చూడాల్సింది ఇదే: ఒక చుట్టుకు ఎన్ని శాంపిల్స్? రెండయితే పోల్ −1 దగ్గరుంది, కారణం గెయినే. ఆరు దగ్గరుంటే ఎక్కడో ఒక శాంపిల్ ఆలస్యం దాక్కుని ఉంది. ప్రోగ్రాములో అవుట్‌పుట్ రాసే వరుస తెరిచి చూడండి. గెయిన్ తగ్గించడం ఆ తర్వాతి మాట.

అపోహ: నిజంగా అన్‌స్టేబుల్ అయితే ఉష్ణోగ్రత ఆగకుండా పెరిగిపోవాలి. ఒకే ఎత్తులో ఊగుతోందంటే లూప్ బాగున్నట్టే.

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. K = 5 అయితే మూలబిందువు నుంచి పోల్స్ దూరం 1.05. ఊపు రెట్టింపు కావడానికి దాదాపు 14 శాంపిల్స్, అంటే రెండు నిమిషాలకు పైనే పడుతుంది. ఒక్క నిమిషం చూసి వెళ్లిపోయినవారికి ఏ తేడా కనిపించదు. ఆ తర్వాత హీటర్ సున్నాకో 100 శాతానికో తగులుతుంది. అక్కడితో ఊపు పెరగడం ఆగి, ఒకే ఎత్తులో నిలిచిపోతుంది. లూప్‌ను పట్టి ఉంచింది హీటర్ పరిమితి, మీ ట్యూనింగ్ కాదు. అందుకే ఉష్ణోగ్రతతో పాటు హీటర్ శాతాన్ని కూడా ట్రెండ్‌లో పెట్టాలి. అది అంచులకు తగిలి చదునుగా తెగిపోతుంటే పోల్స్ సర్కిల్ బయట ఉన్నాయని అనుమానించాలి.

అపోహ: హద్దు 4.52 అయితే 4 దాకా వాడుకోవచ్చు.

స్టేబుల్‌గా ఉండటం వేరు, పనికిరావడం వేరు. K = 4 అయితే పోల్స్ దూరం 0.94, ఊపు చల్లారడానికి నిమిషాలు పడుతుంది. K = 2 దగ్గర దూరం 0.665కి దిగుతుంది, డ్యాంపింగ్ సుమారు 0.5. 5 డిగ్రీల మార్పుకు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ లోపే పైకి పోయి, తిరిగి కుదురుకుంటుంది. మన లెక్కలో వాడదగిన గెయిన్ ఇదే, హద్దులో సగానికన్నా తక్కువ. కింది నాలుగు వరుసలతో సరిచూసుకోండి:

```python
import numpy as np
a = np.exp(-10/40)
for K in (1.13, 2, 4, 4.52, 5):
    print(K, abs(np.roots([1, -1, K*(1-a)])))
```

ఇంత జాగా వదలడానికి ఇంకో కారణముంది. గాలి ఫిల్టర్ దుమ్ము పట్టి గాలి తగ్గితే, అదే 1 శాతం పవర్‌కు వేడి ఎక్కువ పెరుగుతుంది. ప్లాంట్ గెయిన్ 1 నుంచి 1.5 అయిందంటే K హద్దు 4.52 నుంచి దాదాపు 3కి దిగుతుంది. టైమ్ కాన్‌స్టెంట్ కూడా మారుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే. K = 4 మీద నడిచే లూప్ ఆ రోజు కంచె బయట ఉంటుంది, K = 2 మీద నడిచేది లోపలే ఉంటుంది.

అపోహ: శాంపిల్ టైమ్ తగ్గించుకుంటూ పోతే గెయిన్ ఎంతైనా పెంచుకోవచ్చు.

ఆలస్యం ప్రోగ్రాముదే అయితే సగం నిజం. శాంపిల్ 5 సెకన్లకు తగ్గిస్తే ఆలస్యమూ 5 సెకన్లే అవుతుంది, హద్దు 8.5కి పెరుగుతుంది. కానీ ఆ 10 సెకన్లు గాలి డక్ట్‌లో నడిచి సెన్సర్‌ను చేరే సమయమే అయితే, శాంపిల్ తగ్గించినా అది తగ్గదు. 5 సెకన్లకు అదే ఆలస్యం రెండు శాంపిల్స్ అవుతుంది, సున్నా దగ్గర రెండు పోల్స్ పోగవుతాయి. హద్దు 4.52 నుంచి 5.26కే పెరుగుతుంది. 2.5 సెకన్లకు 5.73. శాంపిల్ టైమ్ ఎంత చిన్నది చేసినా 6.28 దాటదు. ఆ కొద్దిపాటి లాభం కోసం కాంటాక్టర్‌తో నడిచే హీటర్‌ను 2 సెకన్లకోసారి ఆన్-ఆఫ్ చేస్తే కాంటాక్టులు త్వరగా కాలిపోతాయి. అంత వేగం కావాలంటే సాలిడ్ స్టేట్ రిలే పెట్టాలి.

ఏ ఆలస్యం ఎంతో తేల్చడానికి లూప్‌ను మాన్యువల్‌లో పెట్టి పవర్‌ను 5 శాతం పెంచండి. హీటర్ ఆంపియర్లు మారిన క్షణాన్ని, ఉష్ణోగ్రత కదలడం మొదలైన క్షణాన్ని రాసుకోండి. ఆదేశం ఇచ్చాక ఆంపియర్లు మారడానికి పట్టింది ప్రోగ్రాము ఆలస్యం. ఆంపియర్లు మారాక ఉష్ణోగ్రత కదలడానికి పట్టింది డక్ట్, సెన్సర్ల ఆలస్యం. మొదటిది ప్రోగ్రాములో సరిచేయాలి. రెండోది పెద్దదైతే సెన్సర్‌ను హీటర్ దగ్గరకు జరపాలి.