రెపో తగ్గించిన నెలలోనే డబ్బు వెనక్కి ఎందుకు?

2025 జూన్ 6న రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, ఒక్కసారిగా అర శాతం తగ్గించి 5.50కి దించింది. అదే రోజు బ్యాంకులు తమ డిపాజిట్లలో తన దగ్గర విధిగా ఉంచాల్సిన నగదు నిల్వల నిష్పత్తిని, అంటే సీఆర్ఆర్‌ను, సెప్టెంబరు నుంచి నాలుగు విడతల్లో ఒక శాతం తగ్గిస్తామని ప్రకటించింది. దానివల్ల బ్యాంకుల చేతికి రెండున్నర లక్షల కోట్ల రూపాయలు వస్తాయని లెక్క కూడా చెప్పింది. సరిగ్గా మూడు వారాలకు, జూన్ 27న, బ్యాంకుల దగ్గర మిగిలిన డబ్బులో లక్ష కోట్ల దాకా ఏడు రోజులు తన దగ్గర పెట్టుకుంటానంటూ వేలం వేసింది. 84,975 కోట్లు వచ్చి చేరాయి.

ఇవ్వడమెందుకు, లాక్కోవడమెందుకు అని బాండ్ల బజారులో ఒకటే గొడవ. ఇది లాక్కోవడం కాదు, రోజువారీ సర్దుబాటు మాత్రమే, వడ్డీల దిశ మారలేదు అన్నది రిజర్వ్ బ్యాంకు వైపు వాదన. ఈ వాదన కొత్తది కాదు. 2021లో దాదాపు ఇవే మాటలు విన్నాం. అప్పుడేం జరిగిందో చూస్తే ఈ గొడవ మూలం దొరుకుతుంది.

ద్రవ్యోల్బణ లక్ష్య విధానం ఎలా పుట్టింది, ఉర్జిత్ పటేల్ కమిటీ ఏం చెప్పింది, లక్ష్యం 4 శాతంగా, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటుగా ఎందుకు స్థిరపడింది అన్నవి చాలాసార్లు రాసినవే. ఇక్కడ కావలసింది 2016లో సవరించిన రిజర్వ్ బ్యాంకు చట్టంలోని ఒక్క నిర్వచనం. లక్ష్యాన్ని అందుకోవడానికి కావలసిన పాలసీ రేటును ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ నిర్ణయించాలని ఆ చట్టం చెబుతుంది. పాలసీ రేటు అంటే రెపో రేటు అని కూడా అక్కడే తేల్చేసింది. ద్రవ్య లభ్యత, అంటే రోజు ముగిసేసరికి బ్యాంకులన్నిటి దగ్గరా కలిపి మిగిలే డబ్బు లేదా పడే కొరత, ఆ కమిటీ పరిధిలో లేదు. అది రిజర్వ్ బ్యాంకు సొంత వ్యవహారంగానే ఉండిపోయింది. పాలసీ రోజున వెలువడే కాగితాలు చూడండి. కమిటీ తీర్మానం వేరు, గవర్నర్ ప్రకటన వేరు. మొదటిదానిలో రెపో రేటు, ఎవరు ఎటు ఓటు వేశారన్న వివరం ఉంటాయి. సీఆర్ఆర్ లాంటివన్నీ రెండోదానిలో వస్తాయి. టీవీలో మాత్రం రెండూ కలిసి ఒకటే వార్త.

మామూలు రోజుల్లో ఈ విభజన ఎవరికీ అడ్డు రాదు. ఎందుకంటే అంతకుముందే ఒక కట్టుబాటు ఉంది. 2011 మేలో, మన దువ్వూరి సుబ్బారావు గవర్నర్‌గా ఉన్నప్పుడు, రెపో ఒక్కటే పాలసీ రేటు అని నిర్ణయించారు. దానికి ముందు రెపో, రివర్స్ రెపో దేనికది కదిలేవి. ఆ తర్వాత రివర్స్ రెపో, అంటే బ్యాంకులు తమ మిగులును రిజర్వ్ బ్యాంకు దగ్గర పెడితే వచ్చే వడ్డీ, రెపో కంటే నిర్ణీత దూరంలో కింద ఉండాలి. మొదట ఆ దూరం ఒక శాతం, 2016లో అర శాతం, 2017లో పావు శాతం అయింది. బ్యాంకులు తమలో తాము ఒక్క రాత్రికి అప్పు ఇచ్చిపుచ్చుకునే కాల్ మనీ రేటు రెపో దగ్గరే తిరగాలన్నది ఉద్దేశం. అలా తిరిగినంతకాలం రెపో రేటు చెబితే దేశంలో డబ్బు ధర చెప్పినట్టే.

2020 మార్చి 27న ఈ కట్టుబాటు తెగింది. నా లెక్కలో అసలు మలుపు అదే.

లాక్‌డౌన్ మొదలై మూడు రోజులు కూడా కాలేదు. కమిటీ తన సమావేశాన్ని ముందుకు జరుపుకుని రెపో రేటును 75 బేసిస్ పాయింట్లు, అంటే ముప్పావు శాతం తగ్గించి 4.40 చేసింది. రివర్స్ రెపో మాత్రం 90 బేసిస్ పాయింట్లు తగ్గి 4.00కి దిగింది. రెండిటి మధ్య దూరం పెరిగిన సంగతి తీర్మానంలో ఉంది గానీ, దాని వివరం వేరే ప్రకటనలో ఉందని చూపించి వదిలేశారు. ఇరవై ఒక్క రోజుల తర్వాత, ఏప్రిల్ 17న, కమిటీ సమావేశమే లేకుండా రివర్స్ రెపోను 3.75కి తగ్గించారు. మే 22న రెపో 4.00, రివర్స్ రెపో 3.35 అయ్యాయి. పావు శాతం ఉండాల్సిన దూరం 0.65 శాతానికి చేరింది.

బ్యాంకులు డబ్బును రిజర్వ్ బ్యాంకు దగ్గర దాచుకోకుండా బయట అప్పులివ్వాలనే ఇలా చేశామన్నారు. ఆ నెలల్లో పరిస్థితి అంత భయంకరంగానే ఉంది, కాదనలేం. కానీ అదే సమయంలో సీఆర్ఆర్ తగ్గించి, ప్రభుత్వ బాండ్లు కొని వ్యవస్థలో డబ్బు కుమ్మరించారు. 2021 మధ్యనాటికి రోజువారీ మిగులు ఐదు లక్షల కోట్ల పైమాటే. అంత మిగులు ఉన్నప్పుడు రిజర్వ్ బ్యాంకు దగ్గర రెపోకు అప్పు తెచ్చుకోవాల్సిన అవసరం ఏ బ్యాంకుకు ఉంటుంది? అందరూ డబ్బు పెట్టడానికి వచ్చేవాళ్లే. కాల్ మనీ రేటు 3.35 దగ్గరికి జారింది, చాలా రోజులు దానికంటే కిందనే నడిచింది. కమిటీ రెండు నెలలకోసారి కూర్చుని ఓటు వేసి 4.00 అని చెబుతూనే ఉంది. బజారులో ఆ రేటుకు పనే లేదు.

అదే కాలంలో చిల్లర ద్రవ్యోల్బణం 2020 అక్టోబరులో 7.61 శాతానికి చేరింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద 5 శాతం చుట్టుపక్కల వడ్డీతో బతికే పింఛనుదారు ప్రతి నెలా పోగొట్టుకున్నదెంతో ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. లాభపడినవాళ్లలో పెద్దగా అప్పులు చేస్తున్న ప్రభుత్వమూ ఉంది.

ఇది సరికాదని కమిటీ లోపలే ఒకరు అన్నారు. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు జయంత్ వర్మ 2021 ఆగస్టులో రెపో మార్చవద్దనడంతో ఏకీభవిస్తూనే, వడ్డీలు తక్కువగానే ఉంచుతామనే సర్దుబాటు వైఖరి కొనసాగింపుకు వ్యతిరేకంగా ఓటు వేశారు. 5–1. రివర్స్ రెపో కమిటీ పరిధిలోనిది కాదని ఆయనకూ తెలుసు. అయినా బజారులో నడుస్తున్న రేట్లు మరీ కింద ఉన్నాయని, ఆ దూరాన్ని మెల్లగా మామూలు స్థితికి తేవాలని, ఆలస్యం చేస్తే రేపు వడ్డీలు ఇంకా ఎక్కువ పెంచాల్సి వస్తుందని ఆయన వాదన. మినిట్స్‌లో ఆ మాటలు ఉన్నాయి, ఎవరైనా చదవొచ్చు.

తమాషా ఏమిటంటే అదే ఆగస్టు 6న గవర్నర్ శక్తికాంత దాస్ తన ప్రకటనలో పద్నాలుగు రోజుల వేరియబుల్ రేట్ రివర్స్ రెపో వేలాలను, అంటే వేలంలో తేలే వడ్డీకి బ్యాంకుల మిగులును తన దగ్గర పెట్టుకోవడాన్ని, రెండు లక్షల కోట్ల నుంచి దశలవారీగా నాలుగు లక్షల కోట్లకు పెంచుతున్నామన్నారు. దీన్ని వైఖరి మార్పుగా అపార్థం చేసుకోవద్దని కూడా అన్నారు. అక్టోబరులో ఆ మొత్తాన్ని ఆరు లక్షల కోట్లకు, డిసెంబరు ఆఖరుకు ఏడున్నర లక్షల కోట్లకు పెంచే కార్యక్రమం ప్రకటించారు. వేలాల్లో బ్యాంకులకు వచ్చే వడ్డీ 3.35 నుంచి 4.00 అంచుదాకా ఎక్కింది. రెపో రేటు అంగుళం కదల్లేదు, డబ్బు ధర మాత్రం అర శాతానికి పైగా పెరిగింది. 2022 ఏప్రిల్ 8న బ్యాంకులు మిగులు డబ్బు దాచుకునే మరో ఏర్పాటు స్టాండింగ్ డిపాజిట్ ఫెసిలిటీ, అంటే ఎస్‌డీఎఫ్, పెట్టి అడుగు రేటును 3.75కి లేపారు. అప్పుడూ రెపో 4.00 దగ్గరే ఉంది.

ఆ తర్వాత నెల కూడా గడవకుండా, మే 4న, క్యాలెండర్‌లో లేని సమావేశం పెట్టి రెపో రేటును 40 బేసిస్ పాయింట్లు, సీఆర్ఆర్‌ను 50 బేసిస్ పాయింట్లు పెంచారు. 2023 ఫిబ్రవరికి రెపో 6.50. చెప్పుకునే లెక్కలో పెంపు రెండున్నర శాతం. అడుగున 3.35 నుంచి మొదలుపెట్టి లెక్కిస్తే మూడు శాతం దాటుతుంది. 2022లో వరుసగా మూడు త్రైమాసికాలు ద్రవ్యోల్బణం సగటున 6 శాతం దాటడంతో చట్టం ప్రకారం ప్రభుత్వానికి సంజాయిషీ రాయాల్సి వచ్చింది. నవంబరు 3న కమిటీ అందుకోసమే కూర్చుంది. ఆ లేఖను బయటపెట్టలేదు. యుక్రెయిన్ యుద్ధం, నూనెలు, చమురు ధరలు కారణమన్నది రిజర్వ్ బ్యాంకు మాట. అందులో నిజం లేకపోలేదు.

2025 జూన్ వేలానికి వద్దాం. జూన్‌లో రోజువారీ మిగులు రెండు లక్షల కోట్లు దాటింది. రెపో అప్పుడు 5.50 అయితే కాల్ మనీ దాని కింద, 5.25 ఉన్న ఎస్‌డీఎఫ్ అడుగు వైపు జారుతూ వచ్చింది. ఒక బ్యాంకు దగ్గర వెయ్యి కోట్లు మిగిలాయనుకుందాం. ఎస్‌డీఎఫ్‌లో ఏడు రోజులు పెడితే వచ్చే వడ్డీ కోటీ 68 వేలు. జూన్ 27 వేలంలో తేలిన రేటు 5.49 కాబట్టి అక్కడ పెడితే కోటీ 5 లక్షల 29 వేలు. వారానికి నాలుగు లక్షల అరవై వేలు తేడా. ఇక పక్క బ్యాంకుకు 5.30కి ఎందుకిస్తుంది? అందుకే వేలం తర్వాత బజారు రేటు రెపో వైపు లేస్తుంది. రెపో తగ్గింపును వెనక్కి తీసుకున్నట్టా అంటే, కాదు. ఆ తగ్గింపు కంటే ఎక్కువగా పడిపోయిన దాన్ని కమిటీ ఓటు వేసిన చోటికి తెచ్చినట్టు. 2020లో చేయనిది ఇదే. ఆ లెక్కన బాండ్ల బజారు ఫిర్యాదులో బలం తక్కువ.

ఫిర్యాదు చేయదగ్గది వేరే ఉంది. 2025 జనవరిలో పరిస్థితి తలకిందులు. రూపాయిని నిలబెట్టడానికి డాలర్లు అమ్మడంతో రూపాయలు వ్యవస్థలోంచి వెళ్లిపోయి, కొరత మూడు లక్షల కోట్లు దాటింది. జనవరి 27న 60 వేల కోట్ల బాండ్లు కొంటామని, 500 కోట్ల డాలర్ల మార్పిడి చేస్తామని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఏ కమిటీ సమావేశమూ లేని రోజు అది. రెపో తగ్గింపు ఫిబ్రవరి 7న వచ్చింది. అంటే ఈ సడలింపు కూడా 2021లో బిగింపు మొదలైన దారిలోనే, ఓటు లేని చోటే మొదలైంది.

ఇంటి రుణం ఉన్నవాళ్లకు ఇందులో తేడా తెలియదు. 2019 అక్టోబరు తర్వాత తీసుకున్న మారే వడ్డీ గృహరుణాలు బయటి ప్రామాణిక రేటుకు, చాలావరకు రెపోకే, ముడిపడి ఉన్నాయి. రెపో తగ్గితే మూడు నెలల్లోపు వాళ్ల వడ్డీ మారాలి. ఎంసీఎల్ఆర్ మీద, అంటే బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి కట్టే వడ్డీ మీద, అప్పు తెచ్చుకున్న వ్యాపారికి, డిపాజిట్ పెట్టేవాళ్లకు రెపో ఒక్కటే చాలదు. బ్యాంకు దగ్గర డబ్బు ఎంత ఉందన్నదాన్ని బట్టి వాళ్ల రేటు నెమ్మదిగా కదులుతుంది. సీఆర్ఆర్ తగ్గింపు మొదటి విడతకు 2025 సెప్టెంబరు 6, ఆఖరిదానికి నవంబరు 29 తేదీలు పెట్టారు. అలా డబ్బు వచ్చి చేరుతున్నకొద్దీ కాల్ మనీ ఎస్‌డీఎఫ్ అడుగు వైపు వెళ్తే వేలాలు మళ్లీ పెరుగుతాయి.  అందుకే పాలసీ ప్రకటన వచ్చిన ప్రతి రోజూ కమిటీ తీర్మానంతో పాటు గవర్నర్ ప్రకటనలో ద్రవ్య లభ్యత గురించిన పేరాను కూడా చదవాలి.