సీసాలు సమానంగానే పేర్చాను, మరి బొమ్మ ఎందుకు కుదురుగా లేదు? (అపోహలు - వాస్తవాలు)

అపోహ: కంటికి ఎడమవైపు ఎంత బరువుగా కనిపిస్తుందో కుడివైపూ అంతే కనిపిస్తే బొమ్మకు బ్యాలెన్స్ వచ్చేస్తుంది.

వాస్తవం: బరువు ఒక్కటే చాలదు. మన కన్ను విడివిడి వస్తువులను కాదు, ముందు గుంపులను చూస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో రాసిన వ్యాసంలో చుక్కల వరుసలతో ఇదే చూపించాడు: దగ్గరగా ఉన్నవి ఒక జట్టు, ఒకేలా ఉన్నవి ఒక జట్టు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చినప్పుడే తంటా.

నేనొకసారి ఆరు సీసాలను వరుసగా పెట్టి ఫోటో తీశాను. నీలం, గోధుమ, కాస్త ఖాళీ, గోధుమ, నీలం, మళ్లీ ఖాళీ, నీలం, గోధుమ. జత లోపల 3 సెం.మీ., జతల మధ్య 4 సెం.మీ. రెండు పక్కలా మూడేసి సీసాలు, బరువు దాదాపు సమానమే, అయినా చూసిన ప్రతిసారీ చిరాకే. ఎందుకంటే దూరం ప్రకారం ఒకటి-రెండు, మూడు-నాలుగు, ఐదు-ఆరు జతలు. రంగు ప్రకారం చూస్తే రెండు-మూడు ఒక జత, నాలుగు-ఐదు ఒక జత. కన్ను ఒకసారి అలా, ఒకసారి ఇలా జతకడుతూ ఎక్కడా నిలవదు.

జత లోపల 2, జతల మధ్య 8 సెం.మీ. చేశాను, అంతే! రంగులు మార్చకుండానే మూడు జతలు స్పష్టంగా కనిపించాయి. ఇక్కడ పనిచేసేది ఖాళీల నిష్పత్తి, కొలత కాదు. మొదటి ఫోటోను సగానికి తగ్గించి ప్రింట్ వేసినా ఆ చిరాకు అలాగే ఉంటుంది. నీలం మూడూ ఒకచోట, గోధుమ మూడూ ఒకచోట పెట్టినా కుదురు వస్తుంది కానీ, నాకది మరీ చప్పగా అనిపించింది.

అపోహ: రెండు వస్తువుల అంచులు సరిగ్గా తాకేలా పెడితే అవి చక్కగా కలుస్తాయి.

వాస్తవం: కలవడం కాదు, ముందూ వెనకా తేడా పోతుంది. అదే ఫోటోలో ఒక సీసా భుజం గీత, వెనక బల్ల అంచు ఒకే ఎత్తులో పడ్డాయి. తిన్నగా సాగే గీతను కన్ను ఒకే గీతగా చదువుతుంది కాబట్టి సీసా వెళ్లి బల్లకు అతుక్కున్నట్టు కనిపించింది. కెమెరాను కొంచెం పైకెత్తితే సరిపోయింది. ఒకటి రెండోదాన్ని బాగా కప్పాలి, లేదా మధ్యలో స్పష్టమైన ఖాళీ ఉండాలి.

అపోహ: కుదురు లేకపోతే అది తప్పు బొమ్మే.

వాస్తవం: తుఫానో తొక్కిసలాటో గీస్తుంటే ఈ ఘర్షణే కావాలి.

తేడా పట్టుకోవడానికి నేను చేసేదొకటే. ఫోటోను గోరంత చిన్నది చేసి, కళ్లు చికిలించి, పక్కనున్నవాళ్లను "ఎన్ని గుంపులు కనిపిస్తున్నాయి?" అని అడుగుతాను. ఒకరు మూడని, ఇంకొకరు నాలుగని అంటే, లేదా జవాబు చెప్పడానికి తడుముకుంటే, మళ్లీ ఖాళీల దగ్గరికే వెళ్తాను.